డ్రిప్ మీద రైతులకు మూడు నిమిషాల వీడియో: స్క్రిప్టు రాయడం నుంచి తోటలో తీయడం దాకా

డ్రిప్ గురించి వీడియో తీద్దామని కూర్చున్న ప్రతివాళ్లూ మొదట రాసే వాక్యం ఒకటే ఉంటుంది: "బిందుసేద్యం వల్ల నీరు ఆదా అవుతుంది." ఆ వాక్యం కొట్టేయండి. అనంతపురం జిల్లాలో డ్రిప్ కొత్త సంగతి కాదు. ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మసేద్య పథకం 2003లో మొదలైంది. అప్పటి నుంచి వేసిన పైపులు ఎన్నో తోటల్లో ఉన్నాయి. అక్కడి రైతుకు డ్రిప్ ఎందుకు వేయాలో చెప్పనక్కర్లేదు. వేసిన డ్రిప్ నాలుగో ఏడు వరస చివరి చెట్టుకు నీళ్లు ఎందుకు ఇవ్వడం లేదో చెప్పాలి.

కాబట్టి ఇక్కడ ఒక్క వీడియోనే తీసుకుంటున్నాను. బోరు కింద చీనీ తోట, వరస చివర చెట్టు వాడుతోంది, ఫిల్టరూ పైపులూ కడగాలి. నీళ్లు ఎంతసేపు వదలాలి, ఎరువులు డ్రిప్‌లో ఎలా పంపాలి, సబ్సిడీకి ఎక్కడ దరఖాస్తు పెట్టాలి అనేవి వేరే వీడియోలు. ముఖ్యంగా సబ్సిడీ శాతాలు ఇందులోకి రానివ్వకండి. అవి మారుతుంటాయి, వీడియో మాత్రం వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతుంది.

రాయడానికి ముందు తోటలో నడవండి

స్క్రిప్టు ఇంట్లో కూర్చుని మొదలుపెట్టకండి. మోటరు నడుస్తున్నప్పుడు తోటకి వెళ్లి, జబ్బు ఎక్కడ ఉందో ముందు మీరు తేల్చుకోండి. చెట్టుకు నీళ్లు తక్కువ పడటానికి కారణాలు మూడు రకాలుగా కనిపిస్తాయి. తోట మొత్తం మీద తక్కువ పడుతుంటే ఫిల్టరు పూడి ఉండాలి, లేదా మోటరు దగ్గరే ఒత్తిడి చాలడం లేదు. వరసల మొదట్లో బాగా పడి చివర మాత్రం తగ్గితే సన్న పైపుల కొసన మట్టి చేరింది. అలా కాక ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ డ్రిప్పర్లు మూసుకుని, వాటి మూతి దగ్గర తెల్లటి పొర కనిపిస్తే అది ఉప్పునీటి గార. ఫిల్టరు పూడికా, కొసల మట్టీ కడిగితే పోతాయి. గార కడిగితే పోదు, దానికి ఆసిడ్ పని చేయాలి.

ఈ తేడా తెలియకుండా వీడియో తీస్తే ఏమవుతుందంటే, గార పట్టిన తోటలో రైతు మీరు చెప్పినట్టే అంతా కడుగుతాడు, నీళ్లు రావు. తర్వాత మీరు ఏం చెప్పినా నమ్మడు. అందుకే రెండో రకం తోటనే ఎంచుకోండి. చివరి వరసల్లో రెండు మూడు పైపుల కొసలు తీసి చూస్తే ఎర్రమట్టి నీళ్లు రావాలి. తీసిన కొసలు గుర్తుపెట్టుకుని మిగిలినవి ముట్టుకోకుండా ఉంచండి. దీని అవసరం కింద చెబుతాను.

ఇంకో రెండు చూసుకోవాలి. ఫిల్టరుకు ముందూ వెనకా గేజిలు పనిచేస్తున్నాయా? చాలా తోటల్లో గేజి అద్దం పగిలి ముల్లు ఒకేచోట నిలిచిపోయి ఉంటుంది. పనిచేసే గేజిలు లేకపోతే బిగించుకుని తీయండి, లేదంటే గేజి దృశ్యం తీసేయండి. ఆగిపోయిన ముల్లును చూపిస్తూ అంకెలు చెప్పడం మాత్రం వద్దు. ఇక డ్రిప్పరు ఏ రకమో దాని మీదే రాసి ఉంటుంది, లేదా రైతుకు తెలుస్తుంది. కాపుకొచ్చిన చీనీలో గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు ఎక్కువగా కనిపిస్తాయి.

గ్లాసు లెక్క

ఈ వీడియో అంతా ఒక గ్లాసు మీద నిలబడుతుంది. గంటకు 8 లీటర్లంటే నిమిషానికి సుమారు 133 మిల్లీలీటర్లు. 200 మిల్లీలీటర్ల గ్లాసు ఒకటిన్నర నిమిషంలో నిండాలి. 4 లీటర్ల డ్రిప్పరైతే అదే గ్లాసుకు 3 నిమిషాలు. డ్రిప్పరు మీద రాసిన కొలత అక్కడ సుమారు ఒక కేజీ ఒత్తిడి ఉన్నప్పటి మాట. కాబట్టి గ్లాసు కాస్త అటూ ఇటూ అయినా కంగారు లేదు. సగానికి సగం తగ్గితే మాత్రం జబ్బున్నట్టే.

"మీ డ్రిప్ సామర్థ్యం తగ్గింది" అని చెప్పడం కన్నా, రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి చూపిస్తే రైతు రేపు పొద్దున తన తోటలోనూ అదే చేస్తాడు. ఆ కొలత అతని చేతికి వస్తుంది. వీడియో మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అదే డ్రిప్పరు కింద అదే గ్లాసు పెట్టండి. రెండోసారి గ్లాసు నిజంగా నిండాలి. బయట నుంచి నీళ్లు పోసి నింపినట్టు చూపించకండి. పూర్తిగా నిండకపోతే ఎంత వచ్చిందో అంతే చూపించి, "మిగిలింది గార, దానికి వేరే పని ఉంది" అని స్క్రిప్టులో పని తెలిసిన అక్క పాత్రతో చెప్పించండి.

ఎవరు మాట్లాడాలి, ఎలా మాట్లాడాలి

అధికారి ఒకరు నిలబడి చెబుతుంటే వింటారు, చేయరు. ఇద్దరు రైతులను పెట్టండి. ఒకరి తోటలో ఇబ్బంది ఉంది, ఇంకొకరికి పని తెలుసు. పని తెలిసిన మనిషిగా నేను ఆడమనిషినే పెడతాను. చాలా ఇళ్లలో పొద్దున వాల్వులు తిప్పేదీ, పైపుల వెంట నడిచేదీ వాళ్లే. కానీ వీడియోల్లో వాళ్లు వెనక నిలబడి కనిపిస్తారు.

మాటలు ఆ తోటలో వాడేవే కావాలి. అనంతపురంలో చీనీ అనాలి. ఇదే స్క్రిప్టు నల్లగొండలో తీస్తే బత్తాయి అనాలి, యాస కూడా అక్కడిది కావాలి. "పార్శ్వ నాళిక", "ఉద్గారకం" లాంటివి పుస్తకాల్లోనే ఉండనివ్వండి. పైపు, సన్న పైపు, డ్రిప్పరు, వాల్వు, జాలి, గేజి అంటే అందరికీ తెలుసు. మీరు రాసిన వాక్యాన్ని పాత్ర వేసే రైతుకు ఒకసారి చదివి వినిపించి, "నువ్వైతే ఎట్ల చెబుతావు?" అని అడగండి. అతను చెప్పినట్టే తిరగరాయండి. వాక్యం ఒక్క ఊపిరిలో అయిపోవాలి. ఒక వాక్యంలో ఒకే పని ఉండాలి.

మూడు నిమిషాల వీడియోకి 200 మాటలు సరిపోతాయి. మొత్తం సమయం మాటలతో నింపితే చేతుల పని చూడటానికి చోటుండదు. మట్టి నీళ్లు వచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు.

స్క్రిప్టు

దృశ్యం 1. వరస చివరి చీనీ చెట్టు, ఆకులు ముడుచుకుని ఉన్నాయి. కెమెరా పైపు వెంట నెమ్మదిగా కదిలి అదే వరసలోని మొదటి చెట్టు దగ్గర ఆగుతుంది. అది పచ్చగా ఉంది.

తమ్ముడు: అక్కా, బోరు ఒకటే, వరస ఒకటే. ఆ చెట్టు చూడు, ఈ చెట్టు చూడు. మోటరు మూడు గంటలు ఆడిస్తాండా. కొసకు నీళ్లు చాలడం లే.

అక్క: చాలేది లేంది గ్లాసు పెట్టి చూద్దాం పా.

దృశ్యం 2. డ్రిప్పరు కింద చిన్న గుంత తీసి గ్లాసు పెట్టారు. చుక్కలు దగ్గరగా కనిపిస్తాయి. పక్కన ఫోనులో టైము. తర్వాత బండ మీద రెండు గ్లాసులు: మొదటి చెట్టుది నిండుగా, చివరి చెట్టుది సగం కన్నా తక్కువగా.

అక్క: ఇది గంటకు ఎనిమిది లీటర్ల డ్రిప్పరు. ఒకటిన్నర నిమిషంలో గ్లాసు నిండల్ల.

తమ్ముడు: సగం కూడా రాలేదే!

దృశ్యం 3. తమ్ముడు తుమ్మముల్లు తీసి డ్రిప్పరు బొక్కలో పెట్టబోతాడు. అక్క చెయ్యి అడ్డం పెడుతుంది.

అక్క: పొడవాకు. బొక్క పెద్దదైతే ఈడ ఎక్కువ కారతాది, పక్క చెట్టుకు తగ్గిపోతాది. ముందు ఫిల్టరు కాడికి పోదాం.

దృశ్యం 4. ఫిల్టరు. మొదటి గేజి, తర్వాత రెండో గేజి దగ్గరగా.

అక్క: నీళ్లు లోపలికి పోయేకాడ రెండు. బయటికి వచ్చేకాడ ఒకటింబావు. నడుమ ముప్పావు పోతాంది. అర దాటితే జాలి కడగల్ల. మోటరు ఆపు.

స్టార్టరు ఆపే చెయ్యి. ఫిల్టరు కింద చిన్న వాల్వు తిప్పితే నీళ్లు బయటికి చిమ్ముతాయి. గేజి ముల్లు దిగుతుంది.

అక్క: ముల్లు సున్నాకు వచ్చినాకనే మూత తీయల్ల.

జాలి బయటికి వస్తుంది. మెత్తటి బ్రష్షు, బకెట్లో నీళ్లు, మట్టి కరిగి దిగుతుంది. మాటలు లేవు. జాలిని ఎండకు ఎత్తి పట్టుకుంటుంది.

అక్క: యాడన్నా చినిగింటే వెలుతురు పెద్దగా కనపడతాది. చినిగిన జాలి కడిగి లాభం లే, మార్చల్ల.

జాలి లోపలికి పోతుంది, రబ్బరు రింగు సరిగా కూర్చోబెడుతుంది, మూత బిగుస్తుంది. మోటరు వేస్తారు.

దృశ్యం 5. సబ్‌మెయిన్ చివర కడిగే వాల్వు. తమ్ముడు తిప్పుతాడు. మట్టి నీళ్లు, తర్వాత తేట నీళ్లు. వాల్వు మూస్తాడు.

అక్క: పెద్ద పైపు ముందు. సన్నవి తర్వాత.

దృశ్యం 6. వరసల చివర. సన్న పైపు కొస మడిచి ఎనిమిది అంకె లాంటి రింగులో దూర్చి ఉంది. రింగు లాగి మడత విప్పుతారు.

అక్క: అన్నీ ఒకేసారి తీయాకు. నాలుగైదు చాలు. అన్నీ తీస్తే నీళ్లకు జోరుండదు, మట్టి కదలదు.

ఎర్రమట్టి నీళ్లు చిమ్ముతాయి. పది సెకండ్లు మాటలు లేవు. రంగు మెల్లగా తేరుకుంటుంది.

అక్క: తేటగా వచ్చినాక మూయి. అప్పుడు పక్కవి తీయి.

దృశ్యం 7. చివరి చెట్టు, అదే గుంత, అదే గ్లాసు, ఫోనులో టైము. గ్లాసు నిండి పొర్లుతుంది.

తమ్ముడు: నిండింది అక్కా.

అక్క: పదైదు దినాలకొకసారి కొసలు తీయి. గేజి మాత్రం మోటరు వేసినప్పుడల్లా చూడు.

స్క్రిప్టు ఇక్కడ ఆగిపోవాలి. చివర్లో నీతి వాక్యం గానీ, నేపథ్య గొంతు గానీ వద్దు.

ఈ వరస ఎందుకు

మొదట ఫిల్టరు, తర్వాత పెద్ద పైపు, చివర సన్న పైపులు. రైతులు చాలాసార్లు ఇది తలకిందులుగా చేస్తారు, ఎందుకంటే ఇబ్బంది కనిపించేది చెట్టు దగ్గర. సన్న పైపులు ముందు కడిగి తర్వాత పెద్ద పైపు ముట్టుకుంటే, అక్కడి మట్టి మళ్లీ కడిగిన పైపుల్లోకే చేరుతుంది. స్క్రిప్టులో ఈ కారణం విడమరిచి చెప్పలేదు. అక్క చేతులే ఆ క్రమంలో కదులుతాయి, ఒక్క చిన్న మాటతో ఆ క్రమం గుర్తుండిపోతుంది.

ఈ స్క్రిప్టు బోరు నీళ్లకు రాసింది, కాబట్టి జాలి ఫిల్టరు సరిపోయింది. చెరువు, కాలువ, ఫారం పాండ్ నీళ్లైతే పాచి వస్తుంది. అక్కడ ఇసుక ఫిల్టరు ఉంటుంది, దాన్ని వాల్వులు మార్చి నీళ్లు వెనక్కి తిప్పి కడగాలి. అది వేరే పని, దృశ్యం 4 మొత్తం మార్చి రాయాలి. పక్కనే ఇసుక ఫిల్టరు కనిపించింది కదా అని రెండూ ఒకే వీడియోలో పెట్టకండి.

తీసేటప్పుడు

స్క్రిప్టు క్రమంలో తీయకండి. మట్టి నీళ్లు ఒక్కసారే వస్తాయి. కొస తీసిన కాసేపటికి నీళ్లు తేరుకుంటాయి, మళ్లీ తీద్దామంటే ఆ ఎరుపు రాదు. అందుకే ముందు చెప్పినట్టు ముట్టుకోని పైపులు మిగుల్చుకోవాలి. ఒక జట్టు పైపులు దూరం నుంచి తీయడానికి, ఇంకో జట్టు దగ్గర నుంచి తీయడానికి, మూడోది ఏదైనా తప్పితే. మురికి జాలి అయితే ఒకటే ఉంటుంది. దాన్ని తీసే ముందు రెండు ఫోన్లు పెట్టండి, ఒకటి మొత్తం కనిపించేలా, ఒకటి చేతుల దగ్గర.

కరెంటు సంగతి కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో సాగుకు పగటి పూట 9 గంటల కరెంటు అంటారు, కానీ మీ ఫీడరుకు ఎప్పుడొస్తుందో ముందు రోజే కనుక్కోండి. కరెంటు ఉన్నంతసేపూ నీళ్లున్న దృశ్యాలు మాత్రమే తీయండి: మొదటి గ్లాసు, గేజిలు, సబ్‌మెయిన్, కొసలు, రెండో గ్లాసు. మాట్లాడుకునే దృశ్యాలూ, జాలి బ్రష్షుతో కడిగే దృశ్యమూ కరెంటు పోయాక కూడా తీసుకోవచ్చు. మొదటి గ్లాసు మాత్రం ఏమీ కడగక ముందే తీయాలి. ఇది మర్చిపోతే ఆ రోజు వీడియో లేనట్టే.

నల్ల డ్రిప్పరు, తడిసిన ఎర్రమట్టి, దాని నుంచి పడే నీటి చుక్క ఫోనులో మూడూ కలిసిపోయి ఏమీ కనిపించదు. మిట్టమధ్యాహ్నం ఎండలో మరీ కష్టం. పొద్దున ఏడు నుంచి తొమ్మిది లోపు, సూర్యుడు చుక్కకు వెనక ఉండేలా ఫోను నేలకు దగ్గరగా పెట్టండి. అప్పుడు ప్రతి చుక్కా మెరుస్తూ విడిగా కనిపిస్తుంది. డ్రిప్పరు వెనక ఒక స్టీలు పళ్లెం గానీ తెల్ల గుడ్డ గానీ పెడితే ఇంకా తేటగా ఉంటుంది. గ్లాసు నిండే ఒకటిన్నర నిమిషమంతా తెర మీద ఉంచలేం. మొదటి కొన్ని సెకండ్లు, చివరి కొన్ని సెకండ్లు చూపించండి, రెండుసార్లూ ఫోనులో టైము కనిపించాలి. వేగం పెంచి చూపిస్తే నీళ్ల ధార అబద్ధంలా ఉంటుంది.

ఫోను నిలువుగా పట్టుకోండి, ఎందుకంటే చూసేవాళ్లు అలాగే చూస్తారు. అలా పట్టుకుంటే వరస పొడవు అడ్డంగా పట్టదు. అందుకని పైపును పక్క నుంచి కాక, వరస చివర నిలబడి పైపు దూరంగా సాగిపోతున్నట్టు తీయండి.

మాట వినపడకపోవడానికి ఎక్కువగా కారణం గాలి. నీళ్లలో ఉండే మోటరు పెద్దగా చప్పుడు చేయదు. ఇంకో ఫోనులో రికార్డింగు పెట్టి మాట్లాడే మనిషి జేబులోనో, పైట కింద నడుముకో ఉంచండి. మొదట్లో ఒక చప్పట్లు కొట్టిస్తే తర్వాత బొమ్మనీ గొంతునీ కలపడం తేలిక. గేజి దృశ్యంలో చెప్పే అంకెలు మాత్రం గదిలో మళ్లీ చదివించి కూడా పెట్టుకోండి. అవి ఒక్కటి తప్పు వినపడినా పనికి రావు. ఇంకో మాట: మీ తోటలో గేజిలు రెండు, ఒకటింబావు చూపించకపోవచ్చు. అక్కడ ఏముంటే ఆ అంకెలే స్క్రిప్టులోకి రావాలి, తేడా అర కేజీ దాటి ఉంటే చాలు.

చూపించి సరిచేయడం

కూర్చిన వీడియోని డ్రిప్ ఉన్న ముగ్గురు నలుగురు రైతులకు ముందు గొంతు లేకుండా చూపించండి. తర్వాత "రేపు తోటకి పోతే మొదట ఏం చేస్తావు?" అని అడగండి. "గ్లాసు పెడతా" అనో "ఫిల్టరు చూస్తా" అనో అంటే దృశ్యాలు పనిచేస్తున్నట్టు. "పైపు కొసలు తీస్తా" అంటే మట్టి నీళ్ల దృశ్యం మిగతా అన్నిటినీ మింగేసింది. అప్పుడు ఫిల్టరు దృశ్యం పొడవు పెంచి, మట్టి నీళ్లది తగ్గించండి. "ముల్లుతో పొడుస్తా" అని ఒక్కరన్నా దృశ్యం 3 తిరిగి తీయాలి. బహుశా అక్క చెయ్యి ఆలస్యంగా పడి ఉంటుంది, ముల్లు బొక్కలోకి వెళ్లిన బొమ్మే మనసులో నిలిచిపోయి ఉంటుంది.

ఆసిడ్ ఇందులోకి ఎందుకు రాలేదు

చూసినవాళ్లు తప్పకుండా అడుగుతారు: "తెల్ల గార ఉంటే?" దానికి ఒక్క వాక్యం చేర్చి ఈ వీడియోలోనే తేల్చేద్దామనిపిస్తుంది. వద్దు. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఎంత కలపాలనేది ఆ బోరు నీటిని బట్టి మారుతుంది. ముందు బకెట్ నీళ్లలో కొద్దికొద్దిగా పోస్తూ పీహెచ్ కాగితంతో పీహెచ్ 4కు ఎంత ఆసిడ్‌తో వస్తుందో చూసి, ఆ లెక్కన పైపుల్లోకి పంపాలి. చివరి డ్రిప్పరు దగ్గర కూడా కాగితం అదే చూపించాక మోటరు ఆపి, సుమారు ఒక రోజు పైపుల్లో అలాగే ఉంచి, తర్వాత కొసలు తీసి బాగా కడగాలి. ఎప్పుడూ ఆసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లను ఆసిడ్‌లో పోయకూడదు. పాచి కోసం బ్లీచింగ్ పౌడరు వాడే తోటల్లో ఆ రెండూ ఎప్పుడూ కలవకూడదు, కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు వేసుకోవడం దగ్గర నుంచి గాలి ఎటు వీస్తోందో చూసి నిలబడటం వరకు ప్రతిదీ చూపించాలి. దానికి ఇంకో మూడు నిమిషాలు, ఇంకో స్క్రిప్టు, పక్కన ఆ పని చేసిన మనిషి కావాలి.